పొద్దున పొగడ్త, సాయంత్రం చీవాట్లు

1981లో ఆపిల్ కంపెనీలో మెకింతోష్ కంప్యూటర్‌ను తయారుచేస్తున్న బృందం తమలో తాము ఒక అవార్డు పెట్టుకుంది. ఎక్కువ గంటలు పనిచేసినవాళ్లకో, కొత్తది కనిపెట్టినవాళ్లకో ఇచ్చే అవార్డు కాదది. ఆ ఏడాది బాస్‌కు ఎదురు నిలబడి గట్టిగా మాట్లాడిన మనిషికి ఇచ్చేది. ఆ బాస్ పేరు స్టీవ్ జాబ్స్. 1981లోనూ, 1982లోనూ అది మార్కెటింగ్ చూసే జోవానా హాఫ్‌మన్‌కే దక్కింది. ఆ మరుసటి ఏడాది డెబీ కోల్‌మన్‌కు వచ్చింది. ఆవిడ తర్వాత ఆపిల్ తయారీ విభాగానికి అధిపతి అయ్యారు.

బాస్‌కు ఎదురు చెప్పడం అవార్డు ఇవ్వాల్సినంత పెద్ద విషయం ఎందుకైంది? జాబ్స్ దగ్గర పనిచేసినవాళ్లు చెప్పిన జ్ఞాపకాలు చదివితే అర్థమవుతుంది. ఆయన ప్రేమ చూపిస్తే మామూలుగా ఉండేది కాదు. 1982 ఫిబ్రవరిలో బృందం మొత్తాన్ని పిలిచి అందరిచేతా సంతకాలు చేయించారు. ఆ సంతకాలను తొలి మెకింతోష్ పెట్టె లోపలి వైపు అచ్చు వేయించారు. కొన్నవాళ్లకు అవి కనిపించవు. అయినా తమ చేతిరాత ప్రతి యంత్రంలోనూ ఉందన్న సంగతి ఆ ఇంజినీర్లకు తెలుసు. పనివాళ్లను కళాకారులుగా చూసిన బాస్ ఎంతమందికి దొరుకుతాడు?

అదే మనిషి ఆండీ హెర్ట్‌జ్‌ఫెల్డ్ అనే ఇంజినీర్ విషయంలో ఏం చేశారో చూడండి. ఇక నుంచి నువ్వు మెకింతోష్ మీద పనిచేస్తున్నావని జాబ్స్ చెప్పారు. ఇప్పుడు చేస్తున్న పని ముగించుకోవడానికి కొద్ది రోజులు కావాలని ఆండీ అడిగారు. జాబ్స్ ఆయన కంప్యూటర్ ప్లగ్ పీకేశారు. రాస్తున్న ప్రోగ్రామ్ అక్కడికక్కడే పోయింది. ఆ కంప్యూటర్ ఎత్తుకుని, ఆండీని కారులో ఎక్కించుకుని కొత్త ఆఫీసుకు తీసుకెళ్లిపోయారు. ఇష్టపడి ఎంచుకున్న మనిషి విషయంలోనే అలా జరిగింది. ఇష్టం లేనివాళ్ల సంగతి ఇంకా కటువుగా ఉండేది. 1984లో లీసా కంప్యూటర్ బృందాన్ని మెకింతోష్ బృందంలో కలిపినప్పుడు, మీరు రెండో రకం వాళ్లని అందరి ముందే చెప్పి, వాళ్లలో చాలామందిని ఇంటికి పంపించారు.

బిల్ అట్కిన్సన్ అనే గొప్ప ప్రోగ్రామర్‌ను జాబ్స్ నెత్తిన పెట్టుకున్నారు. అట్కిన్సన్ తర్వాత జీవితచరిత్ర రచయిత వాల్టర్ ఐజాక్‌సన్‌కు చెప్పిన మాట గమనించదగ్గది. జాబ్స్ కళ్లలో కొందరు దేవుళ్లు, మిగతావాళ్లు ఎందుకూ పనికిరానివాళ్లు. అయితే దేవుళ్ల జాబితాలో ఉన్నవాళ్లకూ నిద్ర పట్టేది కాదు. తాము అంత గొప్పవాళ్లం కాదని, ఏదో ఒక రోజు కింద పడేస్తారని వాళ్లకు లోలోపల భయం ఉండేది.

ఈ కథలో తిట్ల కంటే ఈ భయమే ముఖ్యం. తిట్టే బాస్ దగ్గర పని కష్టమని ఎవరికైనా తెలుసు. పొద్దున భుజం తట్టి సాయంత్రం చీవాట్లు పెట్టి, మర్నాడు మళ్లీ టీ తెప్పించే బాస్ దగ్గర పని అంతకన్నా కష్టమని చెబితే చాలామంది నమ్మరు. ఎంతైనా సగం రోజులు బాగానే ఉంటాడు కదా అంటారు. ఈ లెక్క తప్పని నిరూపించే పరిశోధనలు గట్టివే ఉన్నాయి.

ఎక్కువ చర్చ రేపిన పరిశోధన 2017లో వెలువడింది. అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఫదేల్ మట్టా, బ్రెంట్ స్కాట్, వాళ్ల సహచరులు కాలేజీ విద్యార్థులను పిలిచి, షేర్ల ధరలు అంచనా వేసే పని ఇచ్చారు. పక్క గదిలో ఉన్న సూపర్‌వైజర్ మధ్యమధ్యలో వాళ్ల పని మీద వ్యాఖ్యలు పంపిస్తాడు. మొదటి గుంపుకు ఎప్పుడూ మర్యాదైన మాటలే వచ్చాయి. రెండో గుంపుకు ఎప్పుడూ మనసు గాయపరిచే మాటలే. మూడో గుంపుకు మాత్రం ఒకసారి మంచివి, ఒకసారి చెడ్డవి, ఏ వరుసలో వస్తాయో తెలియకుండా వచ్చాయి. అంతసేపూ అందరి గుండె కొట్టుకునే తీరును యంత్రాలు నమోదు చేశాయి.

మర్యాద అందుకున్న గుంపు ప్రశాంతంగా ఉంది. అందులో వింత లేదు. ఎప్పుడూ తిట్లు తిన్న గుంపు కంటే, మధ్యమధ్యలో మెచ్చుకోళ్లు అందుకున్న మూడో గుంపు శరీరాలు ఎక్కువ ఒత్తిడికి లోనయ్యాయి. లెక్కప్రకారం మూడో గుంపు విన్న చెడ్డ మాటలు తక్కువ. అయినా దెబ్బ వాళ్లకే ఎక్కువ తగిలింది. ఇది ల్యాబ్ గదికి మాత్రమే పరిమితమా అని తేల్చుకోవడానికి అదే బృందం నిజమైన ఆఫీసుల్లో ఉద్యోగులనూ వాళ్ల పైఅధికారులనూ మూడు వారాల పాటు రోజూ ప్రశ్నలడిగింది. ఒకరోజు న్యాయంగా, మరోరోజు అన్యాయంగా ప్రవర్తించే అధికారుల కింద పనిచేసేవాళ్లలో ఒత్తిడి, అలసట, ఉద్యోగం మీద విసుగు ఎక్కువగా కనిపించాయి.

కారణం మెదడు పనిచేసే తీరులో ఉంది. 2016లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో శాస్త్రవేత్తలు 45 మందితో ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. తెర మీద రాళ్లుంటాయి. రాయి కింద పాము ఉందా లేదా ఊహించాలి. పాము ఉంటే చేతికి చిన్న కరెంటు షాక్ తగులుతుంది. షాక్ తప్పదని కచ్చితంగా తెలిసినప్పుడు వాళ్లకు అంత ఆందోళన లేదు. తగలొచ్చు, తగలకపోవచ్చు, అవకాశం సగం సగం అన్నప్పుడే చెమట ఎక్కువ పట్టింది, కంటిపాపలు ఎక్కువ విప్పారాయి. షాక్ ఖాయమని తెలిస్తే శరీరం దానికి సిద్ధపడిపోతుంది. తెలియనప్పుడు మాత్రం కాపలా దించడానికి దానికి ధైర్యం చాలదు.

కఠినమైన బాస్ కింద పనిచేసేవాళ్లకు ఒక వెసులుబాటు ఉంటుంది. ఆయన సంగతి తెలిసిందే, ఏం చేసినా నాలుగు మాటలంటాడు అని మనసు ఒక కంచె కట్టుకుంటుంది. ఇంటికొచ్చాక ఆ మాటలు గుమ్మం బయటే ఉండిపోతాయి. పూటకో తీరుగా ఉండే బాస్ విషయంలో ఆ కంచె నిలవదు. ఆయన ప్రేమగా మాట్లాడిన ప్రతిసారీ ఉద్యోగి దాన్ని తనంతట తానే తీసేస్తాడు. మర్నాటి మాట నేరుగా గుండెకు తగులుతుంది.

పైగా ప్రేమగా ఉన్న రోజులు తిట్టిన రోజులకు అర్థాన్ని మార్చేస్తాయి. ఎప్పుడూ తిట్టేవాడు తిడితే తప్పు అతనిదే అనిపిస్తుంది. నిన్న అంత బాగా మాట్లాడిన మనిషి ఇవాళ కసిరితే, నేనే ఏదో తప్పు చేసి ఉంటాను అనిపిస్తుంది. రాత్రంతా ఆ తప్పు కోసం వెతుకులాట. ఉదయం పంపిన మెయిల్‌లో మాట దురుసుగా ఉందా, మీటింగ్‌లో మధ్యలో మాట్లాడానా, సెలవు అడగడం నచ్చలేదా? నిజానికి ఆ మార్పుకు ఉద్యోగితో సంబంధమే ఉండకపోవచ్చు. అది తెలుసుకునే దారి లేక మనిషి నిందను తన మీదే వేసుకుంటాడు.

ఒకే మనిషి నుంచి ఆదరణ, అవమానం రెండూ వస్తే ఆదరణ ఆ అవమానాన్ని కొంతైనా తగ్గిస్తుందా అన్న ప్రశ్నను మిషెల్ డఫీ, మరో ఇద్దరు పరిశోధకులు 2002లో స్లొవేనియా దేశపు పోలీసుల మధ్య పరిశీలించారు. తగ్గించడం లేదని తేలింది. పైఅధికారి ఒకవైపు అండగా ఉంటూ మరోవైపు కించపరుస్తుంటే, ఊరికే కించపరిచినప్పటి కంటే ఫలితాలు అధ్వానంగా ఉన్నాయి. అమ్మానాన్నల నుంచి అన్నదమ్ముల దాకా అందరూ చెప్పే సలహా ఒకటుంది, అప్పుడప్పుడూ మంచిగా కూడా ఉంటాడుగా, సర్దుకుపో అని. ఆ సలహాకు ఇక్కడ ఆధారం దొరకదు.

ఇలాంటి ఆఫీసును బయటివాళ్లు గుర్తుపట్టాలంటే బాస్‌ను చూడనక్కర్లేదు, పనివాళ్లను చూస్తే చాలు. ఉదయం వచ్చీ రాగానే వాళ్లు చేసే మొదటి పని కంప్యూటర్ తెరవడం కాదు, ఆరా తీయడం. హైదరాబాద్‌లో అయితే పార్కింగ్‌లో డ్రైవర్ దగ్గర ఆగుతారు. “అన్నా, సార్ మూడ్ ఎట్లుంది ఇయ్యాల?” “ఫోన్‌ల గరం గరం మాట్లాడుకుంటనే దిగిండు. ఇప్పుడైతే లోపలికి పోకండి మేడమ్.” ఆ ఒక్క మాట వాట్సాప్‌లో అయిదు నిమిషాల్లో ఫ్లోర్ అంతా తిరుగుతుంది. సెలవు చీటీలు, ఖర్చుల బిల్లులు, సంతకం కావాల్సిన ఫైళ్లు అన్నీ సొరుగుల్లోకి వెళ్లిపోతాయి. పదకొండింటికి క్యాబిన్‌లోంచి నవ్వు వినిపిస్తే ఒక్కసారిగా తలుపు ముందు అయిదుగురు చేరతారు.

ఇదంతా పని కాదు. జీతం ఇచ్చేది పనికైతే, తెలివితేటల్లో సగం బాస్ ముఖం చదవడానికే ఖర్చవుతోంది. ఇంకా పెద్ద నష్టం, చెడు వార్త పైకి పోకపోవడం. సరుకు ఆలస్యమవుతుందని సోమవారమే తెలిసిన ఉద్యోగి, బాస్ మూడ్ బాగుండే రోజు కోసం శుక్రవారం దాకా ఆగుతాడు. శుక్రవారానికి చేయి దాటిపోతుంది. అప్పుడు బాస్ కేకలు వేయడానికి నిజంగానే కారణం దొరుకుతుంది. ఎవరూ తనకు ఏదీ సకాలంలో చెప్పరని ఆయన నమ్మకం ఇంకా బలపడుతుంది.

బాస్ ఎందుకిలా మారుతుంటాడు? వెంటనే ఏదో మానసిక వ్యాధి పేరు పెట్టడం ఆఫీసుల్లో అలవాటైంది. బైపోలార్ అనే మాటను తేలిగ్గా వాడేస్తున్నారు. ఆ జబ్బులో ఉద్రేకపు దశ సాధారణంగా కనీసం వారం పాటు సాగుతుంది, తక్కువ తీవ్రత ఉన్న రకంలో కూడా నాలుగు రోజులు ఉంటుంది. పదింటికి నవ్వి పన్నెండింటికి అరవడం దాని లక్షణం కాదు. నిజంగా ఆ జబ్బుతో బతుకుతూ పనిచేసుకుంటున్నవాళ్లకు ఈ మాట అన్యాయం చేస్తుంది.

పరిశోధకులు కనిపెట్టిన కారణాలు చాలా మామూలువి. వాటిలో నిద్ర ఒకటి. క్రిస్టఫర్ బార్న్స్ బృందం 2015లో అధికారుల నిద్రను, మర్నాడు వాళ్ల ప్రవర్తనను జతచేసి చూసింది. సరిగా నిద్రపట్టని రాత్రి తర్వాత అధికారి నోరు పారేసుకోవడం పెరిగింది, ఆ రోజు బృందానికి పని మీద మనసు తగ్గింది. ఇంకో పరిశోధన ఫలితం మరీ ఆశ్చర్యం కలిగిస్తుంది. 2016లో లిన్, మా, జాన్సన్ అనే ముగ్గురు, ఒకరోజు ఎంతో న్యాయంగా, ఓపికగా ప్రవర్తించిన అధికారులను మర్నాడు కూడా గమనించారు. కొందరిలో మర్నాడు దురుసుతనం పెరిగింది. ఓర్పుగా ఉండటానికి శక్తి ఖర్చవుతుంది, అది అయిపోయాక అదుపు తప్పుతుంది. నిన్న అంత మంచిగా ఉన్నాను కాబట్టి ఇవాళ కాస్త కటువుగా ఉంటే తప్పేముందన్న భావన కూడా లోపల పనిచేస్తుంది. అంటే కొందరు బాస్‌ల విషయంలో ప్రేమ, కోపం రెండు వేరువేరు ముఖాలు కావు. ఒకదాని వెనుకే రెండోది వస్తోంది.

కారణం తెలిసినంత మాత్రాన అది క్షమాపణ అయిపోదు. నిద్రలేని మనిషి కూడా తన పైఅధికారి ముందు ఒద్దికగానే కూర్చుంటాడు. కింది వాళ్ల దగ్గరకు వచ్చేసరికి అదుపు తప్పుతోందంటే, అక్కడ తప్పినా నష్టం లేదని ఆయనకు తెలుసు.

ఇంత ఇబ్బంది ఉన్నా జనం ఎందుకు వదిలిపోరు? ఇక్కడ 1957లో బి.ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్ పావురాలతో చేసిన ప్రయోగాల పుస్తకాన్ని తలుచుకోవాలి. మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే, గింజలు ఆగిపోయిన కొద్దిసేపటికే పావురం నొక్కడం మానేస్తుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా అప్పుడప్పుడూ పడితే, గింజలు ఆగిపోయాక కూడా చాలాసేపు నొక్కుతూనే ఉంటుంది. రోజూ మెచ్చుకునే బాస్ మాట కొన్నాళ్లకు మామూలైపోతుంది. మూడు వారాల చీవాట్ల తర్వాత వచ్చిన ఒక్క శభాష్ మాత్రం ఏడాది పాటు గుర్తుంటుంది. ఇంకొంచెం కష్టపడితే మళ్లీ అంటాడేమో అనిపిస్తుంది. బలహీనులకే ఇలా జరుగుతుందనుకుంటే పొరపాటు. చేసే పని మీద ప్రేమ ఉన్నవాళ్లే దీనికి ఎక్కువ చిక్కుతారు.

మళ్లీ మెకింతోష్ బృందం దగ్గరకు వెళ్దాం. వాళ్లు కనిపెట్టిన ఉపాయాలు ఈనాటికీ పనికొస్తాయి. బడ్ ట్రిబుల్ అనే ఇంజినీర్ కొత్తగా చేరిన ఆండీ హెర్ట్‌జ్‌ఫెల్డ్‌కు 1981లో ఒక సలహా ఇచ్చారు. జాబ్స్ ఇవాళ ఒకటి అద్భుతమన్నా, చెత్త అన్నా, రేపు కూడా అదే అంటారని అనుకోవద్దు, ఆయన మాటలను వడకట్టి వినాలి అన్నారు. ఎలక్ట్రానిక్ ఇంజినీర్లు హెచ్చుతగ్గుల సిగ్నల్‌ను వడకట్టి, నిదానంగా మారే అసలు సిగ్నల్‌ను మాత్రమే తీసుకుంటారు. ఆ పద్ధతినే ట్రిబుల్ మనిషికి వాడమన్నారు. ఒక్కరోజు మాటకు వెంటనే పని మార్చేయకూడదు. రెండు మూడు రోజుల తర్వాత కూడా అదే మాట మళ్లీ వస్తే అది నిజమైన ఆదేశం.

అట్కిన్సన్ బృందం మరో సంగతి నేర్చుకుంది. ఇది చెత్త అని జాబ్స్ అన్నప్పుడు, ఇదే మంచి పద్ధతి అని ఎందుకంటున్నావో చెప్పు అని అడిగినట్టుగా తీసుకునేవారు. బెదరకుండా, పని గురించే జవాబిచ్చేవారు. హాఫ్‌మన్‌కు అవార్డు వచ్చింది కూడా ఇలాంటి నిలకడకే. ఆమె లెక్కకట్టిన అమ్మకాల అంచనాలను జాబ్స్ తనకు తోచినట్టు మార్చేశారని తెలిసి, ఆమె కోపంతో నేరుగా ఆయన గదికి వెళ్లారు. ఆయన మొత్తం విన్నారు, వెనక్కి తగ్గారు. పోట్లాట ఆయన కోపతాపాల గురించి కాదు, అంకెల గురించి. అందుకే నెగ్గింది.

అయితే ఈ కథను ఉన్నదున్నట్టు మనవాళ్లకు అంటగట్టకూడదు. జాబ్స్ కఠినంగా ఉన్నాడు కాబట్టే గొప్ప కంప్యూటర్ వచ్చిందని వాదించే మేనేజర్లు హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ కనిపిస్తారు. ఆ మేనేజర్లు రెండు సంగతులు మర్చిపోతారు. 1985లో ఆపిల్ బోర్డే జాబ్స్‌ను మెకింతోష్ విభాగం నుంచి తప్పించింది, ఆ సెప్టెంబరులో ఆయన కంపెనీ వదిలేశారు. రెండోది, ఆ ఇంజినీర్లకు వదిలిపోయే స్వేచ్ఛ ఉంది. పోటీ కంపెనీలో చేరకూడదన్న ఒప్పందాలు కాలిఫోర్నియాలో 19వ శతాబ్దం నుంచీ చెల్లవు. మన ఐటీ ఉద్యోగికి చాలా కంపెనీల్లో 90 రోజుల నోటీసు పీరియడ్ ఉంటుంది. రిలీవింగ్ లెటర్ లేకపోతే తర్వాతి కంపెనీ చేర్చుకోదు. ఆ మూడు నెలలూ ఆ బాస్ కిందే గడపాలి. అమెరికాలో హెచ్1బి వీసా మీద ఉన్న తెలుగువాళ్ల పరిస్థితి ఇంకా ఇరుకు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో మరో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా దేశం వదలాలి. పిల్లల బడి, ఇంటి అద్దె, ఇక్కడ ఊళ్లో అప్పు అన్నీ ఆ 60 రోజుల మీద ఆధారపడతాయి. అలాంటివాళ్లను ఎదురు తిరగమని చెప్పడం తేలిక. ముందు వాళ్ల చేతిలో ఏముందో చూడాలి.

వాళ్ల చేతిలో ఉన్నది నోట్‌బుక్. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీ బ్రాంచిలో బకాయిల వసూళ్లు చూసే ఉద్యోగిని ఒకరున్నారని అనుకుందాం. ఆమె డైరీలో ఇవాళ సార్ దారుణంగా మాట్లాడారని రాసుకుంటే కోపం తగ్గుతుంది, అంతకుమించి ప్రయోజనం లేదు. ఇలా రాసుకుంటే లెక్క వేరు: “3వ తేదీ సోమవారం, ఉదయం 10.40. సార్ క్యాబిన్. గత గురువారం ఆయనే సరే అన్న వసూళ్ల పట్టిక చూపించాను. ఇలా ఎవరు చేయమన్నారు అని కాగితాలు బల్ల మీదకు విసిరారు. అకౌంట్స్ నుంచి ఇద్దరు ఉన్నారు. సాయంత్రం 4.15కి పిలిచి, టీ ఇప్పించి, అదే పట్టిక పంపమన్నారు.” తేదీ, సమయం, చోటు, అన్న మాట అన్నట్టుగా, పక్కన ఎవరున్నారు, ఏ పని గురించి. అభిప్రాయాలు అక్కర్లేదు. ఇది ఆఫీసు కంప్యూటర్లో కాదు, సొంత పుస్తకంలో ఉండాలి.

నాలుగు వారాలు రాశాక ఆ పేజీలు పక్కపక్కన పెట్టి చదివితే రెండింట్లో ఒకటి బయటపడుతుంది. తుపాన్లన్నీ సోమవారం పదిన్నర తర్వాతే వచ్చాయనుకుందాం. పదింటికి హెడ్డాఫీసు నుంచి ఫోన్ వస్తుందన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది. ఆమె వెంటనే కొన్ని మార్పులు చేసుకోవచ్చు. సోమవారం ఉదయం సంతకాలు అడగకూడదు, చెడు వార్త ఉంటే శనివారమే రాతపూర్వకంగా పంపేయాలి, పట్టికను గురువారం మధ్యాహ్నం తీసుకెళ్లాలి. బాస్ మారడు కానీ రోజులు కొంత ఊహకు అందుతాయి. ఊహకు అందని తనమే అసలు బాధ కాబట్టి, ఈ చిన్న మార్పు తేడా చూపిస్తుంది.

లేదంటే ఏ వరుసా దొరకదు. సోమవారం, గురువారం, టార్గెట్ దాటిన రోజు, దాటని రోజు, ఎప్పుడైనా ఏదైనా జరిగింది. అదీ ఒక జవాబే. ఆమె పనిలో ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఫలితం మారదని ఆ పేజీలు చెబుతున్నాయి. రాత్రంతా తన తప్పు వెతుక్కునే మనిషికి ఆ పేజీలు గొప్ప ఊరట. ఇక శక్తిని బాస్‌ను మెప్పించడానికి కాక, వేరే ఉద్యోగం చూసుకోవడానికి మళ్లించాలి.

పుస్తకంతో పాటు మెయిల్ కూడా అలవాటు చేసుకోవాలి. నోటితో ఇచ్చిన ప్రతి ముఖ్యమైన ఆదేశం తర్వాత అదే రోజు రెండు మూడు వాక్యాలు చాలు: “సార్, ఉదయం మీరు చెప్పిన ప్రకారం పట్టికలో మార్చి బకాయిలు వేరుగా చూపిస్తున్నాను. గురువారం సాయంత్రానికి పంపుతాను. మార్పులుంటే బుధవారంలోగా చెప్పగలరు.” ఇందులో ఫిర్యాదు లేదు, నిష్ఠూరం లేదు. మాట మార్చడం మాత్రం కష్టమవుతుంది.

ప్రేమగా ఉండే రోజుల్లోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. బాస్ క్యాబిన్‌లో కూర్చోబెట్టుకుని ఇంటి సంగతులు అడిగినప్పుడు, ఇన్నాళ్ల ఆరాటంలో మనిషి మనసు విప్పేస్తాడు. భర్తతో గొడవ, అమ్మ ఆపరేషన్, వేరే కంపెనీలో ఇంటర్వ్యూ. ఇలాంటివి తర్వాతి తుపానులో పదిమంది ముందు తిరిగి వచ్చిన ఉదాహరణలు ఆఫీసుల్లో కొల్లలు. మర్యాదకు మర్యాద ఇవ్వొచ్చు, ధన్యవాదాలు చెప్పొచ్చు. సొంత విషయాలు మాత్రం ఇంటి దగ్గరే ఉంచాలి.

హెచ్ఆర్ దగ్గరకు వెళ్లాలా? హెచ్ఆర్ జీతం కంపెనీ ఇస్తుంది. వాళ్లు ముందుగా చూసేది కంపెనీకి వచ్చే చిక్కులను. అందువల్ల సార్ మూడ్ బాగుండదని చెబితే నవ్వి పంపిస్తారు. తేదీలతో, సాక్షుల పేర్లతో, ఇచ్చిన ఆదేశాలు మార్చడం వల్ల పని ఎన్నిసార్లు మళ్లీ చేయాల్సి వచ్చిందో లెక్కతో వెళితే వినక తప్పదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళితే ఇంకా బలం. వేధింపు లైంగికమైనదైతే దారి వేరు. 2013 చట్టం ప్రకారం పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోగా అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. కేకలు, అవమానం, మాట మార్చడం లాంటి మామూలు వేధింపులకు మాత్రం మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఇది పెద్ద లోటు. ప్రైవేటు కొలువుల మీద బతికే ఇన్ని లక్షల కుటుంబాలున్న రాష్ట్రాల్లో ఈ లోటు గురించి ఉద్యోగ సంఘాలు గట్టిగా మాట్లాడాలి.

ఈ పేజీ చదువుతున్న మేనేజర్లకు ఒక మనవి. కింది వాళ్లు మిమ్మల్ని దేవుడిలా ఉండమనడం లేదు. కఠినంగా ఉన్నా ఫరవాలేదు, నిన్న సరే అన్నదాన్ని ఇవాళ ఎందుకు కాదంటున్నారో కారణం చెప్పండి. నిద్ర లేని రోజు ఎవరి పనినీ తూకం వేయకండి, సమీక్షను మర్నాటికి వాయిదా వేయండి. అరిచాక టీ తెప్పించడం క్షమాపణ కాదు. ఎవరి ముందు అరిచారో వాళ్ల ముందే, మాట తూలాను అని చెప్పండి.

ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో దేవినట్టుండటం, ఫోన్ మోగితే గుండె దడ, మూడు నాలుగు వారాలుగా నిద్ర పట్టకపోవడం, ఇంట్లో పిల్లల మీద అకారణంగా విసుక్కోవడం కనిపిస్తే దాన్ని ఆఫీసు సమస్యగా వదిలేయకుండా డాక్టర్‌ను కలవండి. ఎవరితోనైనా మాట్లాడితే చాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీమానస్ ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.